టాలరెన్స్ స్టాకప్

టాలరెన్స్ స్టాకప్ అంటే ఒక యంత్రంలో ఒకదానికొకటి ఆనుకొని కూర్చునే భాగాల కొలతలను, ఆ కొలతల్లో డ్రాయింగ్ అనుమతించిన తేడాలను వరుసగా కూడి, చివరికి మిగిలే సందు ఎంత నుంచి ఎంత వరకు ఉండవచ్చో తేల్చే లెక్క. సందుకు బదులు ఒక భాగం బయటికి పొడుచుకు వచ్చే నిడివో, రెండు రంధ్రాల మధ్య ఎడమో కావచ్చు. అది ఏ డ్రాయింగ్‌లోనూ నేరుగా కొలతగా కనబడదు, మిగతా కొలతలన్నీ కలిసి దాన్ని నిర్ణయిస్తాయి. అందుకే ఒక్కో భాగాన్ని దాని డ్రాయింగ్‌తో పోల్చి చూస్తే అన్నీ సరిగ్గానే ఉండి, కూర్పు దగ్గరికి వచ్చేసరికి ఇమడకపోవచ్చు. భాగాలు తయారు కాకముందే, కాగితం మీద ఉండగానే ఆ సంగతి పట్టుకోవడం ఈ లెక్క పని.

ఈ వ్యాసం ఒకే వరుసలో సాగే స్టాకప్‌ను, అంటే కొలతలన్నీ ఒకే దిశలో ఉండే సందర్భాన్ని, బెల్టు బిగువు పుల్లీ ఉదాహరణతో వివరిస్తుంది.

ఉదాహరణ: బిగువు పుల్లీ

బెల్టు వదులు కాకుండా నొక్కి పట్టే పుల్లీలో ఇరుసు తిరగదు, పుల్లీయే తిరుగుతుంది. ఇరుసు మీద ఒక మెట్టు ఉంటుంది. ఆ మెట్టుకు ఆనించి ఒక బాల్ బేరింగ్, దాని పక్కన గొట్టం లాంటి స్పేసర్, ఆ తర్వాత మరో బేరింగ్ ఎక్కిస్తారు. చివర ఇరుసు చుట్టూ కోసిన గాడిలో సర్‌క్లిప్ దిగి, మొత్తం వరుసను జారిపోకుండా ఆపుతుంది. బయటి రింగులు పుల్లీలో బిగువుగా ఉంటాయి. లోపలి రింగులు మాత్రం ఇరుసు మీద చేత్తో జరిపేంత వదులుగా ఉంటాయి. రెండో బేరింగ్‌ను దాని లోపలి రింగు స్పేసర్‌కు తగిలే వరకే పుల్లీలోకి నొక్కుతారు. కాబట్టి పుల్లీ తన ఇరుసు మీద అటూ ఇటూ ఎంత జరుగుతుందనేది రెండో బేరింగ్ ముఖానికీ సర్‌క్లిప్‌కూ మధ్య మిగిలే సందుపై ఆధారపడుతుంది.

ఈ సందుకు రెండు హద్దులు పెట్టుకుందాం. అది 0.05 మి.మీ. కంటే తగ్గకూడదు. తగ్గితే సర్‌క్లిప్ గాడిలోకి సాఫీగా దిగదు. 0.55 మి.మీ. కంటే పెరగకూడదు. పెరిగితే పుల్లీ ఇరుసు వెంట ఎక్కువగా జరిగి బెల్టు దారి తప్పుతుంది. డిజైనర్ అనుకున్న పని ఈ రెండు అంకెల్లో ఉంది. ఇవి లేకుండా స్టాకప్ లెక్క మొదలుపెట్టడంలో అర్థం లేదు, ఎందుకంటే వచ్చిన జవాబు మంచిదో చెడ్డదో చెప్పే కొలబద్ద ఉండదు.

ఇక భాగాల సంగతి. బేరింగులు రెండూ 6204 రకానివి. లోపలి వ్యాసం 20, బయటి వ్యాసం 47, వెడల్పు 14 మి.మీ. సాధారణ తరగతి బేరింగ్‌లో లోపలి రింగు వెడల్పు 14 కంటే పెరగదు, 0.12 వరకు తగ్గవచ్చు. 20 మి.మీ. ఇరుసుకు ప్రామాణిక సర్‌క్లిప్ మందం 1.2, అదీ 0.06 వరకు తగ్గవచ్చు గాని పెరగదు. దాని గాడి వెడల్పు 1.3, ఇది 0.14 వరకు పెరగవచ్చు గాని తగ్గదు. ఈ మూడూ కొనే వస్తువులవో ప్రమాణం చెప్పేవో కాబట్టి వాటిని మార్చే వీలు మన చేతిలో దాదాపు లేదు. మన చేతిలో ఉన్నవి రెండే: స్పేసర్ పొడవు 30, మెట్టు నుంచి గాడి లోపలి గోడ వరకు దూరం 58.

ఈ రెండింటి పక్కనా డ్రాయింగ్‌లో టాలరెన్స్ రాయలేదనుకుందాం. డ్రాయింగ్ కింది మూలన ఉండే పెట్టెలో మాత్రం, టాలరెన్స్ రాయని కొలతలకు ఐఎస్‌ఓ 2768 మధ్యమ తరగతి వర్తిస్తుందని ఉంది. మన దేశంలో ఇదే పట్టికను ఐఎస్ 2102 పేరుతో పేర్కొనడమూ ఉంది. దాని ప్రకారం 6 పైన 30 మి.మీ. వరకు ఉన్న పొడవుకు ±0.2, 30 పైన 120 వరకు ±0.3 తేడా చెల్లుతుంది. కాబట్టి స్పేసర్ 30 ±0.2, ఇరుసు మీది దూరం 58 ±0.3 అవుతాయి. పక్కన ఏమీ రాయలేదు కాబట్టి కొలత కచ్చితం అని చదవడం ఈ పనిలో తరచూ జరిగే మొదటి పొరపాటు.

సందు చుట్టూ తిరగడం

లెక్కకు ముందు గీత. కూర్పు అడ్డుకోత బొమ్మ మీద సందుకు ఒక అంచున వేలు పెట్టి, భాగాల మీదుగా నడుస్తూ రెండో అంచుకు చేరుకోవాలి. అడుగు ప్రతిసారీ ఒక కొలత మీదే పడాలి. ఒక భాగం నుంచి మరో భాగానికి దాటడం అవి తాకే చోటనే జరగాలి. కుడివైపు వేసిన అడుగును ప్లస్‌గా, ఎడమవైపు వేసిన అడుగును మైనస్‌గా రాస్తారు.

మన పుల్లీలో సందుకు ఎడమ అంచు రెండో బేరింగ్ బయటి ముఖం. అక్కడి నుంచి ఎడమకు బేరింగ్ వెడల్పు దాటితే స్పేసర్, స్పేసర్ దాటితే మొదటి బేరింగ్, అదీ దాటితే ఇరుసు మెట్టు. ఈ మూడూ మైనస్. ఇప్పుడు ఇరుసు మీదకు దిగాం. మెట్టు నుంచి కుడికి 58 నడిస్తే గాడి లోపలి గోడ, మరో 1.3 నడిస్తే బయటి గోడ. ఈ రెండూ ప్లస్. పుల్లీని బయటికి తోసినప్పుడు సర్‌క్లిప్ ఈ బయటి గోడకే ఆనుతుంది. అక్కడి నుంచి ఎడమకు సర్‌క్లిప్ మందం తిరిగి వస్తే సందుకు కుడి అంచు చేరుకున్నట్టే.

లూప్ అని పిలిచే ఈ నడకలో పుల్లీ వెడల్పుగానీ, బేరింగ్ బయటి వ్యాసంగానీ, ఇరుసు మొత్తం పొడవుగానీ రాలేదు. అవి డ్రాయింగ్‌లో పెద్ద అక్షరాలతో ఉన్నా ఈ సందుకు సంబంధం లేనివి. లూప్‌లో రావలసినది తప్పిపోయినా, రాకూడనిది చేరినా లెక్క ఎంత శుభ్రంగా చేసినా జవాబు తప్పే. ఇతరులు చేసిన స్టాకప్‌ను సరిచూసేటప్పుడు అంకెలకంటే ముందు ఈ నడకను మళ్లీ నడిచి చూడడం అందుకే.

మధ్యమ కొలతకు తేవడం

డ్రాయింగ్‌లోని కొలతలను ఉన్నవి ఉన్నట్టు కూడితే సందు ఇలా వస్తుంది:

```
58 + 1.3 − 14 − 30 − 14 − 1.2 = 0.10
```

0.10 అనే ఈ అంకె నమ్మదగినది కాదు. బేరింగ్ వెడల్పు 14 అంటే 13.88 నుంచి 14.00 వరకు, అంటే 14 ఆ పరిధికి పై అంచు. గాడి 1.3 అంటే 1.30 నుంచి 1.44 వరకు, అంటే 1.3 కింది అంచు. ఒకటి పై అంచు, మరొకటి కింది అంచు కలిపి కూడితే వచ్చేది ఏ మధ్యకూ చెందదు. కాబట్టి ముందు ప్రతి కొలతనూ దాని పరిధి నడిమికి జరిపి, రెండు పక్కలా సమానమైన తేడాతో రాయాలి. 14, ప్లస్ 0, మైనస్ 0.12 అన్నది 13.94 ±0.06 అవుతుంది. పరిధి ఏమీ మారలేదు, రాసే తీరే మారింది.

| భాగం | డ్రాయింగ్ కొలత | దిశ | మధ్యమం | తేడా ± |
|---|---|---|---|---|
| రెండో బేరింగ్ | 14 (0 / −0.12) | − | 13.94 | 0.06 |
| స్పేసర్ | 30 ±0.2 | − | 30.00 | 0.20 |
| మొదటి బేరింగ్ | 14 (0 / −0.12) | − | 13.94 | 0.06 |
| మెట్టు నుంచి గాడి | 58 ±0.3 | + | 58.00 | 0.30 |
| గాడి వెడల్పు | 1.3 (+0.14 / 0) | + | 1.37 | 0.07 |
| సర్‌క్లిప్ మందం | 1.2 (0 / −0.06) | − | 1.17 | 0.03 |
| సందు | | | 0.32 | 0.72 |

మధ్యమాలను వాటి దిశ గుర్తుతో కూడాలి. తేడాలను మాత్రం గుర్తుతో పనిలేకుండా అన్నింటినీ కూడాలి. స్పేసర్ మైనస్ దిశలో ఉందని దాని 0.20ను తీసివేయకూడదు. స్పేసర్ పొడవైతే సందు తగ్గుతుంది, పొట్టిదైతే పెరుగుతుంది, ఎటు తిరిగినా అనిశ్చితి పెరిగేదే. కొత్తగా నేర్చుకునేవారు ఇక్కడే జారతారు. దాన్ని పట్టుకోవడం తేలిక: సందు మొత్తం తేడా, లూప్‌లోని అతి పెద్ద ఒక్క తేడా కంటే తక్కువగా వచ్చిందంటే ఎవరో తీసివేశారని అర్థం.

గరిష్ఠ–కనిష్ఠ లెక్క

భాగాలన్నీ ఒకేసారి తమ తమ చెడ్డ అంచుల్లో ఉంటే ఏమవుతుందో చూసే పద్ధతి ఇది. ఇంజినీర్లు దీన్ని వర్స్ట్ కేస్ అంటారు. మన పట్టిక ప్రకారం సందు 0.32 ±0.72, అంటే కనిష్ఠం −0.40, గరిష్ఠం 1.04 మి.మీ. కావలసినది 0.05 నుంచి 0.55.

సందు మైనస్‌లోకి వెళ్లడమంటే అక్కడ సందే లేదని, భాగాలు 0.40 మి.మీ. మేర ఒకదాని చోటులోకి ఒకటి చొరబడవలసి వస్తుందని. అది సాధ్యం కాదు కాబట్టి కూర్పు బల్ల దగ్గర రెండో బేరింగ్ గాడిని కప్పేస్తుంది, సర్‌క్లిప్ దిగదు. కొన్నిసార్లు దిగినట్టే కనబడి గాడి అంచు మీదే కూర్చుంటుంది. అప్పుడు దాని రెండు చెవుల మధ్య ఎడం మామూలు కంటే ఎక్కువగా ఉంటుంది, సర్‌క్లిప్‌ను గాడిలో తిప్పబోతే కదలదు. ఇలా ఎగిరి కూర్చున్న సర్‌క్లిప్ పుల్లీ తిరగడం మొదలయ్యాక ఊడిపోతుంది.

ఈ స్థితిలో పనివాడు చేసే సర్దుబాటు స్పేసర్‌ను లేత్ మీద కాస్త తగ్గించడం. ఆ ఒక్క యంత్రం నడుస్తుంది. కానీ ఆ స్పేసర్ ఇప్పుడు ఆ ఇరుసుకే సరిపోతుంది. మరుసటి ఏడాది బేరింగ్ మార్చినప్పుడు డ్రాయింగ్ ప్రకారం చేసిన కొత్త స్పేసర్ తెచ్చి వేస్తే అదే చిక్కు తిరిగి వస్తుంది. భాగాలు ఒకదానికి బదులు మరొకటి పనిచేయాలన్న ఉద్దేశమే అక్కడ దెబ్బతింటుంది.

కొలత ఇచ్చే తీరు

సందు తేడాను ±0.72 నుంచి ±0.25కు దించాలి. బేరింగులు, సర్‌క్లిప్ కలిసి 0.06 + 0.06 + 0.03 = 0.15 తినేస్తాయి, అది కదలదు. మిగిలింది 0.10. అందులోనే గాడి వెడల్పు, ఇరుసు దూరం, స్పేసర్ సర్దుకోవాలి. గాడి వెడల్పు ఒక్కటే 0.07 తీసుకుంటే ఇరుసుకూ స్పేసర్‌కూ కలిపి 0.03 మిగులుతుంది. అంత చిన్న హద్దును పాటించాలంటే గ్రైండింగ్ తప్పదు, ఖర్చు పెరుగుతుంది.

అయితే గాడి వెడల్పు లూప్‌లోకి ఎందుకొచ్చింది? ఇరుసు డ్రాయింగ్‌లో దూరాన్ని లోపలి గోడ వరకు ఇచ్చి, అక్కడి నుంచి వెడల్పు ఇచ్చారు. సర్‌క్లిప్ ఆనేది బయటి గోడకు. కొలతను మెట్టు నుంచి నేరుగా బయటి గోడకే ఇస్తే ఆ ఒక్క గీత లూప్‌లో రెండు అడుగులను ఒకటిగా చేస్తుంది. గాడి వెడల్పు ఇరుసు మీద ఉంటుంది గాని ఈ సందు లెక్కలో ఉండదు. భాగాల ఆకారం మారలేదు, ఒక బాణం గుర్తు చోటు మారింది, 0.07 మిగిలింది. స్టాకప్ అనేది ఎక్కువగా భాగాల లెక్క కాదు, డ్రాయింగ్‌లో కొలతలు ఎక్కడి నుంచి ఎక్కడికి ఇచ్చారన్న లెక్క అని ఇక్కడ తెలుస్తుంది.

లోపలి గోడను లెక్కలోంచి తీసేశాక దాన్ని పూర్తిగా మరచిపోకూడదు. అది ప్రశ్నలోకి వచ్చేది ఒక్క చోట: సర్‌క్లిప్ గాడిలో పట్టాలి. గాడి అతి సన్నగా 1.30, సర్‌క్లిప్ అతి మందంగా 1.20, కాబట్టి కనీసం 0.10 మిగులు ఉంది. ఇది వేరే చిన్న లూప్, రెండే అడుగులు, అది సరిపోయింది.

ఇప్పుడు మిగిలిన 0.10ను పంచాలి. గాడి బయటి గోడ దూరాన్ని లేత్ మీద అందుకోవడం స్పేసర్ రెండు ముఖాలను చేయడం కంటే కష్టం కాబట్టి ఇరుసుకు ±0.06, స్పేసర్‌కు ±0.04 ఇవ్వవచ్చు. సందు నడిమి విలువ 0.30 కావాలి. మైనస్ దిశలోని మధ్యమాలు కలిపితే 13.94 + 30 + 13.94 + 1.17 = 59.05. దానికి 0.30 కలిపితే బయటి గోడ దూరం 59.35 అవుతుంది.

```
సందు = 59.35 − 59.05 = 0.30
తేడా = 0.06 + 0.04 + 0.06 + 0.06 + 0.03 = 0.25
కనిష్ఠం 0.05, గరిష్ఠం 0.55
```

పాత డ్రాయింగ్‌లో బయటి గోడ నామమాత్రంగా 58 + 1.3 = 59.30 దగ్గర ఉండేది. కొత్త 59.35 దానికి ఎంతో దూరం కాదు. మారినదల్లా అది ఎక్కడి నుంచి ఎంత కచ్చితంగా ఉండాలో స్పష్టంగా చెప్పడం.

గణాంక పద్ధతి

గరిష్ఠ–కనిష్ఠ లెక్క ఒక అసాధారణ సందర్భం మీద నిలబడింది: ఐదు భాగాలూ ఒకేసారి తమ చెడ్డ అంచున ఉండడం. రోజూ వందల్లో చేసే పుల్లీల్లో అది అరుదు. ఒకటి పొడవైతే మరొకటి పొట్టిగా ఉండి చాలావరకు ఒకదాన్నొకటి సర్దుకుంటాయి. ఈ ఊహతో చేసే లెక్కలో తేడాలను నేరుగా కూడకుండా, వాటి వర్గాలను కూడి వర్గమూలం తీసుకుంటారు. ఆంగ్ల పేరులోని మొదటి అక్షరాలతో దీన్ని ఆర్‌ఎస్‌ఎస్ అంటారు.

```
√(0.06² + 0.04² + 0.06² + 0.06² + 0.03²) ≈ 0.12
```

±0.25 స్థానంలో ±0.12, దాదాపు సగం. ప్రతి భాగం కొలతలు గంట ఆకారపు వక్రంలో పరిధి నడుమ చుట్టూ ఉండి, టాలరెన్స్ ఆ వక్రం వెడల్పులో మూడు ప్రామాణిక విచలనాలకు సమానమైతే, వెయ్యిలో 997 పుల్లీల సందు 0.18కూ 0.42కూ మధ్య ఉంటుంది.

ఇదే సూత్రాన్ని పాత డ్రాయింగ్‌కు పెడితే ±0.38 వస్తుంది. నడిమి 0.32 కాబట్టి కొన్ని పుల్లీలకు సందు సున్నా కిందకు పోతుంది. అదే ఊహల మీద అవి వెయ్యికి ఐదారు, పై హద్దు 0.55 దాటేవి వందకు మూడు నాలుగు. కూర్పు బల్ల దగ్గర ఇలాంటి చిక్కు ఎందుకు కొన్నిసార్లే కనబడి, అందరూ అది ఆ ఒక్క భాగం తప్పనుకొని ఊరుకుంటారో ఈ అంకెలు చెబుతాయి. మొదట పట్టుబడిన ఇరుసును కొలిస్తే డ్రాయింగ్ లోపలే ఉంటుంది, స్పేసర్‌ను కొలిస్తే అదీ డ్రాయింగ్ లోపలే ఉంటుంది.

వర్గాలు చూస్తే ఎవరి వాటా ఎంతో కూడా తెలుస్తుంది. పాత లెక్కలో 58 ±0.3 ఒక్కటే మొత్తంలో 63 శాతం, స్పేసర్ 28 శాతం. సర్‌క్లిప్ వాటా ఒక శాతమైనా లేదు. సర్‌క్లిప్ మందాన్ని ఎంత కచ్చితంగా చేయించినా ఈ పుల్లీ మారదు. డబ్బు ఎక్కడ పెట్టాలో ఈ వాటాలు చెబుతాయి.

ఈ పద్ధతి ఇచ్చే మిగులును చూసి టాలరెన్స్‌లను వదులు చేయాలనిపిస్తుంది. ఇరుసుకు ±0.15, స్పేసర్‌కు ±0.10 ఇస్తే వర్గమూలం ±0.20, సందు 0.10 నుంచి 0.50, హద్దుల్లోనే ఉంది. పని చవకవుతుంది. గరిష్ఠ–కనిష్ఠ లెక్కలో మాత్రం −0.10 నుంచి 0.70 వస్తుంది. అంటే కొన్ని పుల్లీలు ఇమడకపోయే అవకాశాన్ని తెలిసే ఒప్పుకుంటున్నాం. ఆ ఒప్పందం ఏ ఊహల మీద నిలబడిందో రెండు సార్లు చూసుకోవాలి.

మొదటిది, భాగాలు ఒకదానితో ఒకటి సంబంధం లేకుండా మారాలి. మన రెండు బేరింగులూ ఒకే పెట్టెలోవి, ఒకే బ్యాచ్‌లోవి కావచ్చు. ఒకటి సన్నగా ఉంటే రెండోదీ సన్నగానే ఉంటుంది, సర్దుబాటు జరగదు. అలాంటప్పుడు రెండింటినీ కలిపి ±0.12 ఉన్న ఒకే అడుగుగా తీసుకోవాలి. అప్పుడు ±0.20 కాస్తా ±0.22 అవుతుంది, ఇంకా హద్దుల్లోనే ఉంది.

రెండోది, కొలతలు పరిధి నడుమ ఉండాలి. లేత్ మీద పనిచేసే మనిషి ఆలోచన వేరుగా ఉంటుంది. స్పేసర్‌ను ఎక్కువ కోస్తే అది పనికిరాదు, తక్కువ కోస్తే మరోసారి కోయవచ్చు. కాబట్టి పై హద్దు దాటి లోపలికి రాగానే ఆపుతాడు, స్పేసర్ పొడవు వైపే ఉంటుంది. గాడి బయటి గోడను ఎక్కువ దూరం కోస్తే వెనక్కి తీసుకురాలేడు, కాబట్టి అది తక్కువ వైపు ఉంటుంది. ఈ రెండు అలవాట్లూ సందును ఒకే వైపుకు, తగ్గే వైపుకే నెడతాయి. రెండూ తమ టాలరెన్స్‌లో సగం మేర జరిగాయనుకుంటే నడిమి సందు 0.30 నుంచి 0.175కు దిగుతుంది. మిగిలిన సగం చుట్టూనే కొలతలు తిరిగినా, బేరింగులను ఒకే బ్యాచ్‌గా లెక్కిస్తే కనిష్ఠం సుమారు 0.02. అది మన 0.05 హద్దు దాటిపోయింది. భాగాలు వచ్చాక కొన్నింటిని కొలిచి సగటు ఎక్కడుందో చూడకుండా గణాంక పద్ధతిని నమ్మకూడదనడానికి కారణం ఇది. సర్‌క్లిప్ ఊడితే మనిషికి దెబ్బ తగిలే చోట, లేదా పది పుల్లీలే చేసే చోట, గరిష్ఠ–కనిష్ఠ లెక్కే వాడతారు.

లూప్‌లో కనబడనివి

కొలతలన్నీ సరిపోయి, లెక్కా సరిపోయి, కూర్పు మాత్రం తప్పే సందర్భాలు ఉన్నాయి. భాగాలు లెక్కలో తాకాయనుకున్న చోట నిజంగా తాకకపోవడం ఎక్కువసార్లు దానికి కారణం.

ఇరుసు మెట్టు మూల పూర్తిగా పదునుగా ఉండదు, టూల్ మొన గుండ్రనం వల్ల చిన్న వంపు మిగులుతుంది. 6204 బేరింగ్ లోపలి అంచు వంపు కనీసం 1 మి.మీ. ఉంటుంది. ఇరుసు మూల వంపు దానికంటే ఎక్కువైతే బేరింగ్ ఆ వంపు మీదే ఆగిపోతుంది, మెట్టు ముఖాన్ని తాకదు. లూప్‌లో మొదటి బేరింగ్‌కూ మెట్టుకూ మధ్య దూరం సున్నా అనుకున్నాం, అది ఇప్పుడు సున్నా కాదు. దీన్ని పట్టుకోవడానికి మెట్టు ముఖానికి నీలం రంగు పూసి బేరింగ్‌ను నొక్కి తీస్తారు. రంగు ముఖం మీద చుట్టూ అంటుకుంటే ఆనింది, లోపలి అంచు దగ్గర ఒక గీతలా మాత్రమే అంటుకుంటే వంపు మీద ఆగింది.

స్పేసర్ ముఖాలు ఒకదానికొకటి సమాంతరంగా లేకపోతే, మైక్రోమీటర్ ఒక చోట 29.97, ఎదురు వైపు 30.02 చూపవచ్చు. రెండూ ±0.04 లోపలివే. కానీ పొడవైన వైపే బేరింగ్‌ను ఆపుతుంది, బేరింగ్ వంకరగా నిలుస్తుంది. డ్రాయింగ్ ఏ ప్రమాణం కింద గీశారో ఇక్కడ తేడా తెస్తుంది. అమెరికా ఏఎస్‌ఎమ్‌ఈ వై14.5 ప్రకారం ఆకార లోపం కూడా కొలత హద్దుల లోపలే ఇమడాలి. ఐఎస్‌ఓ 8015 ప్రకారం కొలత, ఆకారం దేనికది వేరు. రెండు బిందువుల మధ్య తీసే కొలత సరిపోయినంత మాత్రాన భాగం వంపు తిరగలేదని హామీ లేదు. కాబట్టి ఐఎస్‌ఓ డ్రాయింగ్‌లో ముఖాల సమాంతరతకు ప్రత్యేకంగా ఒక హద్దు రాసి, లూప్‌లో దానికీ చోటివ్వాలి.

వేడి మూడోది. డ్రాయింగ్ కొలతలన్నీ 20 డిగ్రీల సెల్సియస్ దగ్గరవి. ఇరుసు, స్పేసర్, బేరింగులు అన్నీ ఉక్కైతే కలిసి పెరుగుతాయి, సందు దాదాపు మారదు. బరువు తగ్గించాలని స్పేసర్‌ను అల్యూమినియంతో చేస్తే లెక్క మారుతుంది. డిగ్రీకి మీటరుకు అల్యూమినియం 23, ఉక్కు 11.5 మైక్రాన్ల చొప్పున పెరుగుతాయి. 30 మి.మీ. స్పేసర్ 80 డిగ్రీలకు చేరితే ఇరుసు కంటే సుమారు 0.02 మి.మీ. ఎక్కువ పెరుగుతుంది. కనిష్ఠ సందు 0.05 నుంచి 0.03కు దిగుతుంది.

కొలిచి చూడడం

లెక్కలో ±0.04 రాసినంత మాత్రాన దాన్ని ఏ పరికరంతోనైనా చూడవచ్చని కాదు. 0.02 మి.మీ. చదివే వెర్నియర్‌తో ఆ హద్దును నిర్ణయిస్తే చదవడంలోని తేడాయే హద్దులో సగం తినేస్తుంది. స్పేసర్‌కు 0.01 మైక్రోమీటర్, చుట్టూ నాలుగు చోట్ల కొలత అవసరం. గాడి బయటి గోడ దూరం మరింత చిక్కు, ఎందుకంటే ఆ గోడను బయటి నుంచి పరికరం పట్టుకోదు. మందం కచ్చితంగా తెలిసిన ఒక గట్టి పలకను గాడిలో పెట్టి బయటి గోడకు నొక్కి, మెట్టు నుంచి ఆ పలక లోపలి ముఖం వరకు కొలిచి పలక మందాన్ని కలుపుతారు. ఈ కొలత పద్ధతి వర్క్‌షాపులో సాధ్యమో కాదో తెలుసుకోకుండా డ్రాయింగ్‌లో బయటి గోడకు కొలత ఇస్తే, తనిఖీ చేసేవాడు తనకు తేలికైన లోపలి గోడను కొలిచి గాడి వెడల్పును కలుపుకుంటాడు. డ్రాయింగ్ నుంచి తీసేసిన 0.07 అనుమానం తనిఖీ పట్టికలో తిరిగి వస్తుంది.

చివరి పరీక్ష కూర్పు బల్ల మీద జరుగుతుంది. సర్‌క్లిప్ వేశాక పుల్లీని మెట్టు వైపు తోసి, రెండో బేరింగ్‌కూ సర్‌క్లిప్‌కూ మధ్య ఫీలర్ గేజ్ రేకులు దూర్చి చూస్తారు. 0.05 రేకు దూరాలి, 0.55 మందం దూరకూడదు. మొదటి యాభై పుల్లీల రీడింగులు రాసి పెడితే అవి 0.30 చుట్టూ ఉన్నాయా, ఒక పక్కకు జరిగాయా అన్నది కనబడుతుంది. అన్నీ 0.15 దగ్గర గుమిగూడితే స్పేసర్ పొడవుగానో గాడి గోడ దగ్గరగానో వస్తోందని అర్థం. ఏది కారణమో తేల్చడానికి పుల్లీలను విప్పనక్కరలేదు, పక్కన పెట్టిన స్పేసర్లను మైక్రోమీటర్‌తో కొలిస్తే చాలు.